ఆలూరు పోయిన సీసా

నాకు కోపం ఎక్కువని మొయినాబాద్ అంతా చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోనీ. మిషన్ దవాఖాన వెనక ఒకప్పుడు కట్టెలు వేసుకునే గది ఉండేది. దానికి సున్నం కొట్టించి, లేబరేటరీ అని పేరు పెట్టి, నా చేతిలో పెట్టారు. కోపం లేని మనిషి ఆ గదిలో నెల తిరక్కుండా పారిపోయేది. నేను పదవీ విరమణ దాకా ఉన్నాను.

అవి యుద్ధం రోజులు. సిటీ నుంచి బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కండ చెడకుండా ఉంచే ఫార్మలిన్ అడిగితే దుకాణంవాళ్ళు నవ్వేవాళ్ళు. డాక్టరమ్మ మద్రాసులో చదువుకున్న కోస్తా మనిషి. మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో చెప్పడం ఆమె పని. చూడ్డానికి పనికొచ్చేట్టు ముక్కను తయారుచేసి ఇవ్వడం నా పని. ఆ పని ఆమే నన్ను పక్కన కూచోబెట్టుకుని, తిట్టి, నేర్పింది.

మా దవాఖానలో ఒక అలవాటుండేది. ఉమ్మి గానీ మూత్రం గానీ, మనిషి ఒంట్లోంచి వచ్చిన ఏదైనా సరే, రోగి తాలూకు వాళ్ళే చేత్తో పట్టుకుని ఆవరణ దాటి నా గదికి తెచ్చివ్వాలి. నర్సులకు క్షణం తీరిక ఉండేది కాదు. ఇతరుల మూత్రం మోసేందుకు ఇంకొకరు ఒప్పుకునేవారూ కాదు. అందుకని ఎవరిది వాళ్ళే మోసుకునేవాళ్ళు. ఆ అలవాటు మీదే ఈ కథంతా నడిచింది.

ఆ ఎండాకాలం ఆలూరు నుంచి ఒకామె వచ్చింది. చేవెళ్ళలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే పంతులమ్మ. మొగుడు సిపాయిల పల్టన్‌లో చేరి దూరదేశం పోయాడు. ఇంట్లో మామ, ఆమె, పాలు మరవని బిడ్డ. ఎడమ రొమ్ములో గడ్డ. రాయిలాగా గట్టిగా ఉంది. పైన చర్మం దానికి అంటుకుని లోపలికి లాగినట్టయింది. మామ కూడా వచ్చాడు. చర్చిలో సంఘపెద్ద, తెల్లటి ధోవతి, చేతిలో చివర ఇనుప పొన్ను తొడిగిన కర్ర. ఆయన్ని చూస్తే నేను కూడా లేచి నిలబడి వందనాలు చెప్పేదాన్ని.

"ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"దెబ్బా గిబ్బా ఏం లేదమ్మా," అన్నాడు మామ. ఆమె ఒళ్ళో బిడ్డను సర్దుకుంది.

గడ్డ కేన్సరైతే రొమ్ము మొత్తం తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు. కాకపోతే ఆమె రొమ్ము ఆమెకే ఉంటుంది, బిడ్డకు పాలుంటాయి. తేల్చాలంటే చిన్న ముక్క కోసి చూడాలి. శనివారం పొద్దున డాక్టరమ్మ ముక్క కోసింది. వెడల్పాటి మూతి సీసాలో ఫార్మలిన్ పోసి, ముక్క అందులో వేసి, మూత బిగించి, నర్సు బయటికొచ్చి మామ చేతిలో పెట్టింది.

"గా వెనక గదిల అక్కుంటది. ఆమెకియ్యి తాతా," అందట.

నేను గదిలో కూచున్నాను. ఎవరూ రాలేదు. ఆపరేషన్ వాయిదా పడిందేమోననుకుని స్లైడులు తుడుచుకున్నాను. ఆదివారం ప్రార్థనకు పోయి వచ్చాను. సోమవారం డాక్టరమ్మ వచ్చి, "ఆలూరు ముక్క ఎంతవరకు వచ్చింది?" అని అడిగింది. "ఏ ముక్క?" అన్నాను నేను.

 ఇద్దరం వార్డుకు పోయి పంతులమ్మను అడిగితే నెమ్మదిగా చెప్పింది. "మామ ఇంటికి కొంచబోయిండు. బొందపెట్టాలె గదా అక్కా."

బొందపెట్టడమంటే పాతిపెట్టడం. మా క్రైస్తవుల్లో పెద్దవాళ్ళకు ఆ పట్టింపు ఉంది. కాలు తీసేసినా వేలు తీసేసినా ఆ కండను బట్టలో చుట్టి, ప్రార్థన చేసి, బొందలగడ్డలో పెట్టాలి. చివరి రోజున లేచే దేహానికి ఏదీ తక్కువ కాకూడదు. ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చెయ్యను, మా నాయన వేలు అట్లాగే పెట్టాం. కానీ ఆ ముక్క పరీక్షకు కోసింది! 

బండి కట్టించుకుని చేవెళ్ళ మీదుగా ఆలూరు పోయాను. దారంతా పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను. మామ వాకిట్లో మంచం మీద కూచుని ఉన్నాడు. ముక్క ఇంకా పాతిపెట్టలేదు. పాస్టరయ్య ఆ ఆదివారం షాబాద్ పోయాడట, ఆయన వస్తే గానీ ప్రార్థన లేదు. నేను కొంచెం ఊపిరి తీసుకుని, "సీసా ఏది పెద్దయ్యా?" అన్నాను.

"సీస గా గూట్ల ఉన్నది. కండను మంచిగ బాయి నీళ్ళతోని కడిగి, తెల్లగుడ్డల సుట్టి, తడి ఇసుకల పెట్టిన."

"కడిగినవా?"

"మరి కడగకపోతె ఎట్ల? గా మందు కండ్లు మండేటట్టు వాసన గొడుతున్నది. గంత కంపుతోని దేవుని దగ్గరికి తోల్తమా?"

ఏం చెప్పను! ఫార్మలిన్ పారబోసి, ముక్కను శుభ్రంగా కడిగి, ఎండాకాలంలో కుండెడు తడి ఇసుకలో పెట్టాడు. కుండ మూత తీసేసరికి వాసన వచ్చింది, ఈసారిది మందు వాసన కాదు. మనిషి ఒంట్లోంచి తెగిన కండ ఊరికే ఉండదు. రక్తం అందక కణాలు చచ్చిపోతాయి, వాటిలో ఉన్న రసాలే వాటిని కరిగించడం మొదలుపెడతాయి. పైనుంచి పురుగు చేరుతుంది. కోసిన వెంటనే ఫార్మలిన్‌లో వేస్తే ఆ కరగడం ఆగి, కండ ఎట్లా ఉన్నది అట్లాగే గట్టిపడుతుంది. ఫార్మలిన్ ఆపగలదు గానీ, కరిగిపోయినదాన్ని వెనక్కి తేలేదు.

"నీకు చేతులెత్తి మొక్కుత పెద్దయ్యా, నీ కోడలి పానం కడిగినవు," అన్నాను. మొక్కలేదు. ముక్క తీసుకుని వచ్చేశాను.

అయినా ప్రయత్నించాం. ముక్కను మళ్ళీ ఫార్మలిన్‌లో ఉంచి, మిగతా పనంతా చేసి, స్లైడు అద్దం మీదికెక్కించి ఇచ్చాను. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. తరువాత నన్ను చూడమంది. రంగు పట్టాల్సిన కణాల కేంద్రకాలు లేవు. గులాబీ రంగు నీడలు, కొవ్వు కణాల గోడలు, అంతే.

"ఇక్కడంతా చావే కనిపిస్తోంది," అంది డాక్టరమ్మ. "ఈ చావు ఆమె ఒంట్లోనే జరిగిందా, ఇసుకలో జరిగిందా? అదే నేను చెప్పలేను. కొవ్వు తనంతట తాను చచ్చి గడ్డకట్టే జబ్బొకటుంది, చేతికి అచ్చం కేన్సర్‌లాగే తగులుతుంది. అది కావచ్చు. దీని పక్కనే కేన్సర్ ఉండి కుళ్ళిపోయి ఉండొచ్చు. మళ్ళీ ముక్క కావాలి."

మళ్ళీ ముక్క అనేసరికి అందరూ వద్దని లేచారు. సిటీ నుంచి అప్పుడప్పుడు వచ్చే సర్జన్ సాబ్ ఆ వారం వచ్చాడు. పేరున్న మనిషి, చెయ్యి మంచిది, దబాయింపు కూడా మంచిదే. గడ్డను నొక్కి చూసి, "ఇంక ఏం చూస్తరు? మాటిమాటికి కత్తి పెడితే జబ్బు ఒళ్ళంత పాకుతది. రేపు పొద్దున రొమ్ము తీసేద్దం," అన్నాడు. ఆ రోజుల్లో చాలామంది సర్జన్లు అట్లాగే నమ్మేవాళ్ళు. ఆయన భయం ఆయనది.

విచిత్రమేమిటంటే మామ కూడా ఆయన పక్షమే. "కోస్తె ఒక్కసారే కొయ్యుండ్రి సాబ్. తునకలు తునకలు చేసి ఎన్నిసార్లు బొందపెట్టాలె?" అన్నాడు.

అప్పుడు ఆ పంతులమ్మ బిడ్డను నా చేతికిచ్చి మంచం దిగింది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"రొమ్ము నాది. మీరందరు మీలో మీరే మాట్లాడుకుంటున్నరు. నన్ను ఒక్కలు అడుగుతలేరు. ముక్క మల్ల తియ్యుండ్రి. అద్దంల కేన్సరని కనబడితె నేనే పోయి బల్ల మీద పంటా. కనబడకముందు మాత్రం పండ."

సర్జన్ సాబ్ ఎర్రబడ్డాడు. "కేన్సరే అయితే, ఆగిన ప్రతి దినం నీ ప్రాణం మీదికే వస్తది. ఆ పాపం నాది కాదు!"

"నీది కాదు సాబ్, నాదే," అంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. చేతుల్లో బిడ్డ ఉండి ఆగాను.

రెండో ముక్క తీసేటప్పుడు నేను సీసా పట్టుకుని బల్ల పక్కనే నిలబడ్డాను. డాక్టరమ్మ కత్తి నుంచి ముక్క సీసాలోకి, సీసా నా కొంగు కిందికి. గది బయట మామ చెయ్యి చాపాడు. "ఇటియ్యి బిడ్డా, నేను తెస్త."

"ముట్టుకుంటె చేతులిరుగుతయి," అన్నాను సంఘపెద్దతో. వరండా అంతా విన్నది. విననీ. ఆ రోజు నుంచి ముక్కలు రోగుల తాలూకు వాళ్ళు మొయ్యడం మా దవాఖానలో నేను మాన్పించాను. నర్సులు నన్ను తిట్టుకుంటూ మోశారు.

ముక్కను పలుచటి తునకలుగా కోసి, మునగడానికి సరిపడా కాదు, దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఫార్మలిన్ పోశాను. ఉన్న ఫార్మలిన్ దాదాపు అయిపోయింది, అవనీ. మందంగా ఉంటే మందు నడిమిదాకా పోయేలోపలే లోపల కుళ్ళుతుంది. పైన గట్టిగా ఉంటుంది, కోసి చూస్తే మధ్యలో మెత్తగా. పచ్చడికి కాయను కొయ్యకుండా నూనెలో వేసినట్టే.

మర్నాటి నుంచి అసలు పని. ఫార్మలిన్ కండను ఆపింది గానీ, దాన్ని మైనంలోకి ఎక్కిస్తే తప్ప వెంట్రుక కన్నా సన్నటి పొరలుగా కొయ్యలేం. కండలో నీళ్ళుంటాయి, మైనం నీళ్ళతో కలవదు. అందుకని మొదట పలుచటి స్పిరిట్‌లో, తరువాత చిక్కటి స్పిరిట్‌లో, చివరికి చుక్క నీరు లేని స్పిరిట్‌లో ఉంచి నీళ్ళన్నీ లాగేస్తాం. స్పిరిట్‌లో నీరుందో లేదో తెలియడానికి మైలుతుత్తం వేయించి, తెల్లబడ్డాక అడుగున పోసేదాన్ని. నీలిబడిందంటే స్పిరిట్‌లో నీరు చేరినట్టే, మార్చాలి. ఆ తరువాత మైనంతో కలిసే మందు జైలాల్‌లో వేస్తే స్పిరిట్ పోయి తునక అద్దంలాగా తేటబడుతుంది. అప్పుడు కరిగిన మైనంలో. కిరసనాయిలు దీపం మీద నడిచే పెట్టెలో మైనం ఉండేది. దీపం ఎక్కువైతే కండ వేగిపోతుంది, తక్కువైతే మైనం గడ్డకడుతుంది. పెట్టె పక్కనే కూచుని తినేదాన్ని.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. కోసిన కండకు ఆలస్యం పనికిరాదు. ఫార్మలిన్ పట్టాక మాత్రం తొందర పనికిరాదు. అందులో కొవ్వు కండ మహా మొండిది. స్పిరిట్, జైలాల్ దానిలోకి నింపాదిగా పోతాయి. తొందరపడి మైనంలో వేస్తే నడుమ మైనం పట్టదు, కత్తి తగలగానే ఊడి పడుతుంది. ఈ సంగతి మామూలు రోజుల్లో ఎవరికీ అక్కర్లేదు. ఆ వారం అందరికీ కావలసొచ్చింది.

సర్జన్ సాబ్ సిటీకి పోకుండా బంగళాలో ఆగాడు. పొద్దునోసారి, సాయంత్రమోసారి నా గడప దగ్గరికి వచ్చేవాడు.

"అయిందా?"

"కాలేదు సాబ్."

"తీసి మైనంల వెయ్యి. నేను ఇక్కడ నీ సీసాలకు కావలి కాయాల్నా?"

"ఇప్పుడు తీస్తె మొదటి ముక్క ఎట్ల పోయిందో ఇది గట్లనే పోతది. మూడో ముక్కకు మీరే ఒప్పుకోరు. కూసోండ్రి, చాయ్ తాగుతరా?"

డాక్టరమ్మ వెనక నిలబడి, "ఆమె చెప్పింది నిజమే. నేనైనా తియ్యనివ్వను," అంది. ఆయన చాయ్ తాగలేదు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. తిట్టాడు గానీ, ఆ మనిషి వెళ్ళిపోలేదు, అది చెప్పుకోవాలి.

నాకు ధైర్యం లేకపోలేదు, భయమూ లేకపోలేదు. ఆయనన్నట్టు కేన్సరే అయితే? నేను జైలాల్‌లో తునకను చూసుకుంటూ కూచున్న గంటల్లో అది ఆమె ఒంట్లో పాకుతుంటే? బిడ్డకు పాలిస్తూ ఆమె నా గడపలోనే కూచునేది. "నువ్వు తొందరపడకక్కా," అనేది. ఆమె అట్లా అంటే నాకు ఏడుపొచ్చేది. ఏడిస్తే కండ్లు మసకబడి పని చెడుతుందని ఏడవలేదు.

మైనం అచ్చు పోశాను. ఎండాకాలంలో మైనం మెత్తబడి కత్తికి అంటుకుంటుంది, మొయినాబాద్‌లో ఐసు ఎక్కడిది? కుండలో బావినీళ్ళు పోసి, సూరేకారం కలిపితే నీళ్ళు జివ్వుమంటాయి. అందులో అచ్చును దించి చల్లబరిచి, పొరలు కోసే యంత్రం మైక్రోటోమ్‌కు బిగించాను. కత్తి నడిచింది. పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులాగా వచ్చాయి. ఎక్కడా ఊడలేదు. గట్టిగా అరిచాను కూడా, "వచ్చె చూడుండ్రి!" అని.

ఆ రిబ్బనును గోరువెచ్చని నీళ్ళ మీద వదిలితే ముడతలు విప్పుకుంది. కోడిగుడ్డు తెల్లసొన రాసిన అద్దం మీదికి ఎత్తి ఆరబెట్టాను. మళ్ళీ జైలాల్‌లో మైనం కరిగించి, స్పిరిట్ మీదుగా నీళ్ళకు దించి, రంగు మందు హిమటాక్సిలిన్‌లో ముంచాను. బయటికి తీసినప్పుడు అది ఎర్రటి ఊదారంగులో ఉంటుంది. మా బావినీళ్ళు చప్పరిస్తే నాలుక మీద సున్నం తగిలే నీళ్ళు, వాటిలో కడిగితే చూస్తుండగానే నీలమవుతుంది. కేంద్రకాలు నీలం. తరువాత ఇయోసిన్ రంగు, మిగతాదంతా గులాబీ. మళ్ళీ స్పిరిట్, జైలాల్, పైన బాల్సం జిగురు చుక్క, సన్న అద్దం మూత.

డాక్టరమ్మ చూసింది. సర్జన్ సాబ్ పక్కన నిలబడ్డాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"కేంద్రకాలు చక్కగా ఉన్నాయి," అంది మొదట, నాకోసం. ఆ తరువాత, "కేన్సర్ కణం ఒక్కటీ లేదు. కొవ్వు చచ్చింది. దాని చుట్టూ నురగలాంటి కణాలు, పెద్ద పెద్ద కణాలు చేరి ఆ కొవ్వును తింటున్నాయి. ఇది ఇసుకలో జరిగిన చావు కాదు, బతికున్న ఒంట్లో జరిగింది. ఒళ్ళు ఇంకా దాన్ని మాన్పుకుంటోంది," అంది.

సర్జన్ సాబ్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "తునకలన్నీ చూసినవా?"

"అన్నీ చూశాను."

"అయితే గడ్డ వరకే తీద్దం. రొమ్ముకు నా అవసరం లేదు," అని టోపీ పెట్టుకున్నాడు. పోతూ పోతూ నన్ను చూసి, "ఇప్పుడు చాయ్ తేవమ్మా," అన్నాడు.

మేం వరండాలోకి వచ్చి చెప్పాం. ఆమె బిడ్డను గుండెకు అదుముకుని నేల మీదే కూలబడింది. మామ కండ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నాడు. అంతా సర్దుకున్నాక డాక్టరమ్మ వంగి, ఈసారి ఆమెనే అడిగింది. "ఇట్లాంటిది చాలాసార్లు దెబ్బ తగిలితే వస్తుందమ్మా. కొందరికి ఆ దెబ్బ గుర్తు కూడా ఉండదు. నీకేమైనా గుర్తుందా?"

"యాదికున్నది," అంది.

మామ కండ్లు తెరిచాడు.

"ఈయన కర్ర. బడికి పోవద్దంటె పోయిన. వాకిట్ల ఎడమ దిక్కు కొట్టిండు. పొన్ను తగిలింది."

వరండాలో ఉన్న రోగులు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు, అందరూ ఆ కర్రవైపే చూశారు. ఆయన దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు. నేను ఉండబట్టలేక, "మొదట్నే ఎందుకు చెప్పకపోతివి చెల్లె?" అన్నాను.

"మొదట నన్నెవలడిగిన్రు? డాక్టరమ్మ అడుగుతె ఈయన చెప్పిండు."

డాక్టరమ్మ తల దించుకుంది.  ఆయన ఆ మొదటి సీసాను భక్తితో ఆలూరు మోసుకుపోయాడో, భయంతో మోసుకుపోయాడో నాకిప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. రెంటికీ కండ ఒకేలా కుళ్ళుతుంది.

గడ్డ తీసిన వారానికి పుండు మానింది. ఇంటికి పోయే రోజు మామ నా గదికొచ్చాడు, చేతిలో ఉతికిన తెల్లగుడ్డ. కర్ర తేలేదు. "గా గడ్డ ఇయ్యి బిడ్డా. భూమికి అప్పజెప్పాలె," అన్నాడు నేలచూపులు చూస్తూ. ఆయన గొంతులో బతిమాలడం ఉంది. నా చెయ్యి ఆ గడ్డ ఉన్న సీసా వైపు పోయింది కూడా.

ఆయన వెనకే ఆమె వచ్చి గడపలో నిలబడింది. బిడ్డ పాలు తాగుతోంది.

"ఇయ్యకక్కా," అంది. "మట్టిల పెడితె రేపటికి మట్టయితది. నీ మందుల ఉంటె కరగదని నువ్వే చెప్పినవు గదా? కరగొద్దు. ఉండనియ్యి."

మామ తెల్లగుడ్డను మడతల మీద మడతలు పెట్టి సంచిలో పెట్టుకుని బయటికి పోయాడు. ఆమె ఆ తరువాతి సోమవారమే చేవెళ్ళ బడికి పోయింది. సీసాను నేను అల్మారాలో పై అరలో, గదిలోకి ఎవరొచ్చినా కనిపించేచోట పెట్టాను. ఫార్మలిన్ తగ్గినప్పుడల్లా పోస్తూ వచ్చాను.